అరేలో అన్నీ సమానం చేయాలంటే కనీసం ఎన్ని మూవ్‌లు? మీడియనే ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక అరే ఇస్తారు. ఒక్కో మూవ్‌లో ఏదో ఒక ఎలిమెంట్‌ను 1 పెంచొచ్చు, లేదా 1 తగ్గించొచ్చు. చివరికి అన్నీ సమానం కావాలి, మూవ్‌లు వీలైనంత తక్కువ ఉండాలి. లీట్‌కోడ్‌లో ఇది 462వ నంబర్ ప్రశ్న. CSESలో Stick Lengths అనే పేరుతో, కర్రల పొడవులన్నీ సమానం చేసే కథగా కనిపిస్తుంది.

జవాబు మీడియన్ అని చాలామందికి తెలుసు. ఎందుకని అడిగితే తడబడతారు. ప్రశ్నను కాస్త అటూ ఇటూ తిప్పి ఇస్తే అక్కడే దొరికిపోతారు. అందుకే ఈ పేజీలో ఎక్కువ చోటు ఆ "ఎందుకు"కే ఇచ్చాను. ఉదాహరణగా దాదాపు అన్నిచోట్లా ఒకే అరే వాడాను: `[4, 9, 1, 30, 6]`.

అసలు ఏం లెక్కపెట్టాలి?

చివరికి అందరూ చేరాల్సిన విలువను t అనుకుందాం. x అనే ఎలిమెంట్ t దాకా రావడానికి `|x - t|` మూవ్‌లు పడతాయి. అంతకంటే తక్కువలో కుదరదు, ఎక్కువ ఖర్చు పెట్టాల్సిన పనీ లేదు. ఒక ఎలిమెంట్ కదిలితే మరోదానిమీద ప్రభావం ఉండదు. కాబట్టి మొత్తం ఖర్చు:

```
cost(t) = |a[0]-t| + |a[1]-t| + ... + |a[n-1]-t|
```

ఇప్పుడు మిగిలిన పని ఒక్కటే: ఈ మొత్తాన్ని కనిష్ఠం చేసే t ని పట్టుకోవడం.

అందరినీ ఒకచోటికి తేవాలంటే సగటు దగ్గరికి తేవడమే న్యాయం కదా?

అందరికీ మొదట తట్టేది అదే. మన అరే మొత్తం 50, సగటు 10. అక్కడికి తెస్తే ఖర్చు 6 + 1 + 9 + 20 + 4 = 40. సార్ట్ చేస్తే `1 4 6 9 30`, మధ్యలో ఉన్నది 6. అక్కడికి తెస్తే 2 + 3 + 5 + 24 + 0 = 34. సగటు ఓడిపోయింది.

ఎందుకు ఓడిందో చూడటానికి 30 స్థానంలో 3000 పెట్టి చూడండి. సగటు ఒక్కసారిగా 604కి ఎగిరిపోతుంది. ఒక్క ఎలిమెంట్ కోసం మిగతా నలుగురూ దాదాపు 600 మెట్లు చొప్పున ఎక్కాలి. ఖర్చు 4792 అవుతుంది. మీడియన్ మాత్రం 6 దగ్గరే ఉంటుంది, ఖర్చు 3004. ఆ 3000 ఎలాగూ దిగి రావాల్సిందే. దానికోసం మిగతావాళ్ళని పైకి ఎక్కించడమే సగటు చేసే తప్పు.

సగటు వేరే పోటీలో గెలుస్తుంది. దూరాలకు బదులు దూరాల వర్గాలను కూడితే సగటే కనిష్ఠం. మన అరేలోనే చూస్తే 10 దగ్గర వర్గాల మొత్తం 534, 6 దగ్గర 614. స్టాటిస్టిక్స్ క్లాసులో సగటును ఎక్కువగా చూసిన అలవాటు వల్లే ఇక్కడా చేయి అటే పోతుంది. మన ప్రశ్నలో ఒక మెట్టుకు ఒక మూవ్, పది మెట్లకు పది మూవ్‌లే, వంద కాదు.

సరే, మీడియనే కనిష్ఠం అని ఎలా నమ్మాలి?

t ని ఎక్కడో ఒకచోట నిలబెట్టి, ఒక్క అడుగు కుడికి జరపండి. అంటే t నుంచి t+1కి. అప్పుడు ఎవరికేమవుతుంది?

t కి సమానంగా గానీ, దానికంటే చిన్నగా గానీ ఉన్న ప్రతి ఎలిమెంట్‌కూ ఒక మూవ్ పెరుగుతుంది. t కంటే పెద్దగా ఉన్న ప్రతిదానికీ ఒక మూవ్ తగ్గుతుంది. మొదటి రకం L మంది, రెండో రకం R మంది ఉంటే ఖర్చులో మార్పు సరిగ్గా L − R. ఇందులో ఎవరు ఎంత దూరంలో ఉన్నారన్నది ఎక్కడా రాలేదని గమనించండి. ఎడమన ఎందరు, కుడిన ఎందరు అన్నదే లెక్క. ఈ పేజీలో రాబోయే మలుపులు చాలావరకు ఈ ఒక్క వాక్యం నుంచే పుడతాయి.

ఇప్పుడు `1 4 6 9 30` మీద నడిచి చూద్దాం. t = 1 దగ్గర ఖర్చు 0 + 3 + 5 + 8 + 29 = 45. అక్కడ ఎడమన ఒకరు (1 తానే), కుడిన నలుగురు. అడుగుకు 3 చొప్పున ఖర్చు తగ్గుతుంది. 4 చేరడానికి మూడు అడుగులు, కాబట్టి 45 − 9 = 36. నాలుగు దాటాక ఎడమన ఇద్దరు, కుడిన ముగ్గురు; అడుగుకు 1 తగ్గుతుంది. రెండు అడుగుల్లో 6 చేరతాం, ఖర్చు 34. ఆరు దాటగానే తూకం తిరగబడుతుంది: ఎడమన ముగ్గురు, కుడిన ఇద్దరు. అడుగుకు 1 పెరుగుతుంది. 9 దగ్గర 37. తొమ్మిది దాటాక అడుగుకు 3 చొప్పున పెరిగి, 30 చేరేసరికి 100.

కుడికి పోతున్నకొద్దీ L పెరుగుతుందే తప్ప తగ్గదు. R తగ్గుతుందే తప్ప పెరగదు. కాబట్టి L − R మైనస్‌లో మొదలై ప్లస్‌లోకి ఒక్కసారే మారుతుంది. ఖర్చు గ్రాఫ్ గీస్తే వాలు మారే గీతల గిన్నెలా ఉంటుంది, దానికి అడుగు ఒక్కటే. మధ్యలో ఇంకో చిన్న గొయ్యి ఉండి మనల్ని మోసం చేసే అవకాశం లేదు. ఆ అడుగు రెండువైపులా సగం సగం ఉన్నచోట, అంటే మీడియన్ దగ్గర ఉంటుంది.

ఇంటర్వ్యూలో ఇంత చెప్పే టైమ్ ఉండదు. చిన్న నిరూపణ ఏదైనా ఉందా?

ఉంది, జతలు కట్టడం. సార్ట్ చేసిన అరేలో అతి చిన్నదాన్నీ అతి పెద్దదాన్నీ ఒక జతగా తీసుకోండి: 1, 30. ఈ రెండూ ఒకచోట కలవాలంటే ఎక్కడ కలిసినా కనీసం 29 మూవ్‌లు పడతాయి. వాటి మధ్యలో ఎక్కడ కలిసినా సరిగ్గా 29 పడతాయి. బయట కలిస్తే ఇంకా ఎక్కువ. తర్వాతి జత 4, 9: కనీసం 5. మధ్యలో మిగిలిన 6కి కనీసం 0. అంటే ఏ t తీసుకున్నా ఖర్చు 29 + 5 + 0 = 34 కంటే తగ్గదు. t = 6 అన్ని జతల మధ్యలోనూ ఉంది కాబట్టి సరిగ్గా 34 వస్తుంది. అయిపోయింది.

నాకు ఇదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఇది నిరూపణతోపాటు కోడ్ కూడా ఇచ్చేస్తుంది. మీడియన్‌ను విడిగా వెతకనక్కర్లేదు, `abs` కూడా అక్కర్లేదు:

```python
def min_moves(a):
    a = sorted(a)
    i, j = 0, len(a) - 1
    total = 0
    while i < j:
        total += a[j] - a[i]
        i += 1
        j -= 1
    return total
```

అయితే తిప్పి అడిగే ప్రశ్నలకు జతలు పెద్దగా సాయం చేయవు. అక్కడ L − R పద్ధతే దిక్కు. రెండూ తెలిసి ఉండటం మంచిది.

ఎలిమెంట్లు సరిసంఖ్యలో ఉంటే మధ్యలో రెండు ఉంటాయి. ఏది తీసుకోవాలి?

ఏదైనా ఒకటే. `1 4 6 9` తీసుకోండి. t = 4 దగ్గర 3 + 0 + 2 + 5 = 10. t = 5 దగ్గర 4 + 1 + 1 + 4 = 10. t = 6 దగ్గర కూడా 10. ఏడుకు పోగానే 12. నాలుగుకూ ఆరుకూ మధ్య ఎడమన ఇద్దరు, కుడిన ఇద్దరు కాబట్టి L − R సున్నా. గిన్నె అడుగు అక్కడ చదునుగా ఉంటుంది.

కానీ రెండింటి సగటు తీసుకునే అలవాటు మానుకోండి. మధ్యలో 4, 7 ఉంటే సగటు 5.5 వస్తుంది, పూర్ణాంకాల అరేలో ఆ విలువకు ఎవరూ చేరలేరు. పైథాన్‌లో `statistics.median` సరిగ్గా ఇదే పని చేస్తుంది, అందుకే అక్కడ `statistics.median_low` వాడాలి. మామూలుగా అయితే సార్ట్ చేసి `a[n // 2]` తీసుకుంటే చాలు.

మీడియన్ కోసం మొత్తం సార్ట్ చేయాలా?

తప్పనిసరి కాదు. మధ్య స్థానంలో ఎవరుండాలో తెలిస్తే చాలు, మిగతావాళ్ళ క్రమం మనకెందుకు? హోర్ 1961లో ప్రచురించిన క్విక్‌సెలెక్ట్ ఆ పనే చేస్తుంది: క్విక్‌సార్ట్‌లా విడగొట్టి, మనకు కావలసిన స్థానం ఉన్న వైపు మాత్రమే లోపలికి వెళ్తుంది. సగటున `O(n)`. సి++లో `nth_element` రూపంలో రెడీగా ఉంది:

```cpp
long long minMoves(vector<int>& a) {
    auto mid = a.begin() + a.size() / 2;
    nth_element(a.begin(), mid, a.end());
    long long m = *mid, total = 0;
    for (long long x : a) total += llabs(x - m);
    return total;
}
```

లక్ష, రెండు లక్షల ఎలిమెంట్లకు సార్ట్ చేసినా టైమ్ లిమిట్‌తో ఇబ్బంది రాదు. `O(n)`లో చేయగలరా అని ప్రత్యేకంగా అడిగితే తప్ప నేనైతే సార్ట్‌తోనే పోతాను.

శాంపిల్ పాసవుతోంది, సబ్మిట్ చేస్తే రాంగ్ ఆన్సర్. ఎక్కడ చూడాలి?

రెండు చోట్ల చూడండి. మొదటిది, సార్ట్ చేయకుండానే `a[n/2]` తీసుకోవడం. మన `[4, 9, 1, 30, 6]`లో అలా చేస్తే 1 చేతికొస్తుంది, ఖర్చు 45 అవుతుంది. శాంపిల్ అరే ముందే క్రమంలో ఉంటే ఈ తప్పు బయటపడదు. ముందే సార్ట్ అయి ఉన్న ఇన్‌పుట్లకు సరిగ్గా వచ్చి, కలగాపులగంగా ఉన్నవాటికి ఎక్కువ వస్తోందంటే ఇదే కారణం.

రెండోది ఓవర్‌ఫ్లో. Stick Lengthsలో కర్రలు 2 లక్షల దాకా, పొడవు 10^9 దాకా ఉండొచ్చు. సగం కర్రలు 1, సగం 10^9 అయితే జవాబు దాదాపు 10^14. 32 బిట్ల `int`లో పట్టేది సుమారు 2 × 10^9 మాత్రమే. జవాబు మైనస్‌లో వచ్చిందంటే ఇక అనుమానమే అక్కర్లేదు. కొన్నిసార్లు ప్లస్‌లోనే ఏదో చెత్త నంబర్ వచ్చి తికమక పెడుతుంది. లీట్‌కోడ్ 462లో జవాబు 32 బిట్లలో పడుతుందని ముందే హామీ ఇస్తారు, అందుకే అక్కడ పాసైన కోడ్‌నే ఇక్కడ అతికిస్తే ఫెయిలవుతుంది.

ఇంకా తేలకపోతే చిన్న చిన్న ర్యాండమ్ అరేలు తయారుచేసి ఈ మొరటు పద్ధతితో పోల్చండి:

```python
def brute(a):
    return min(sum(abs(x - t) for x in a)
               for t in range(min(a), max(a) + 1))
```

ఒక్కో మూవ్‌లో 1 కాకుండా x చొప్పున కలపాలి లేదా తీసేయాలి అంటే?

ముందు అసలు సాధ్యమా అని చూడాలి. x కలిపినా తీసేసినా, x తో భాగిస్తే వచ్చే శేషం మారదు. అందరి శేషాలూ ఒకటే కాకపోతే వాళ్ళు ఎప్పటికీ కలవరు, జవాబు −1. ఒకటే అయితే మీడియన్ దగ్గరి ఖర్చును x తో భాగించడమే.

అరేలోని ఎలిమెంట్‌నే మీడియన్‌గా తీసుకోవాలన్న జాగ్రత్త ఇక్కడే అసలు అక్కరకొస్తుంది. `2 4 6 8`, x = 2 అనుకోండి. మధ్య రెండింటి సగటు 5. పూర్ణాంకమే కదా అని తీసుకుంటే బోల్తాపడతారు: సరిసంఖ్యలకు రెండేసి కలుపుతూపోతే 5 ఎప్పటికీ రాదు. 4 తీసుకుంటే మొత్తం దూరం 8, మూవ్‌లు 4.

పెంచడానికి ఒక రేటు, తగ్గించడానికి ఒక రేటు ఉంటే?

అప్పుడు మీడియన్ తన చోటు నుంచి జరుగుతుంది. ఎక్కడికి జరుగుతుందో L, R లెక్కే చెబుతుంది. 1 పెంచడానికి p, 1 తగ్గించడానికి q అనుకుందాం. t ఒక అడుగు కుడికి జరిగితే ఎడమవాళ్ళు ఒక్కొక్కరు p అదనంగా చెల్లిస్తారు, కుడివాళ్ళకు ఒక్కొక్కరికి q ఆదా అవుతుంది. మార్పు pL − qR. ఇది మైనస్‌లో ఉన్నంతసేపూ కుడికి జరగడమే లాభం. సున్నాకు గానీ ప్లస్‌కు గానీ వచ్చిన మొదటి ఎలిమెంట్ దగ్గర ఆగాలి. అంటే L, n × q / (p + q) కి చేరినచోట.

మన అరేలో p = 1, q = 3 పెట్టి చూద్దాం. తగ్గించడం ఖరీదు కాబట్టి పై విలువలవైపే మొగ్గు ఉంటుందని ఊహించొచ్చు. 5 × 3 / 4 = 3.75, కాబట్టి నాలుగో ఎలిమెంట్, 9. అక్కడ ఖర్చు: పెంచడానికి 8 + 5 + 3 = 16, తగ్గించడానికి 21 × 3 = 63, మొత్తం 79. పాత మీడియన్ 6 దగ్గరైతే 7 + 81 = 88. 10 దగ్గర 80. లెక్క సరిపోయింది.

ఒక్కో ఎలిమెంట్‌కు ఒక్కో రేటు ఉన్నా (లీట్‌కోడ్ 2448) ఇదే పద్ధతి. మనుషుల్ని లెక్కపెట్టే బదులు వాళ్ళ రేట్లను కూడాలి. విలువల వరుసలో సార్ట్ చేసి, రేట్లను కూడుకుంటూ పోయి, మొత్తంలో సగం చేరినచోట ఆగండి. విలువలు `1 6 10`, రేట్లు `10 2 3` అయితే మొత్తం 15. మొదటి ఎలిమెంటే సగం దాటేసింది, కాబట్టి అందరూ 1 దగ్గరికే రావాలి. ఖర్చు 0 + 10 + 27 = 37. "మధ్యలో ఉంది కదా" అని 6 తీసుకుంటే 62 అవుతుంది.

ఒకదాని నుంచి 1 తీసి ఇంకోదానికి ఇవ్వాలి అంటే కూడా మీడియనేనా?

కాదు. ఇక్కడ మొత్తం మారదు, కాబట్టి చివరి విలువ సగటు మాత్రమే కాగలదు, మనకు ఎంపికే లేదు. సగటు పూర్ణాంకం కాకపోతే అసాధ్యం. ఎవరు ఎవరికైనా ఇవ్వొచ్చు అంటే, సగటు కంటే పైన ఉన్నవాళ్ళ అదనాన్ని కూడితే అదే జవాబు. మన అరేలో 30 ఒక్కటే 10కి పైన ఉంది, కాబట్టి 20 మూవ్‌లు. పక్కవాళ్ళకు మాత్రమే ఇవ్వాలంటే అది మళ్ళీ వేరే లెక్క.

లీట్‌కోడ్ 453 కూడా పేరులో ఇలాగే ఉంటుంది, లోపల వేరు. అక్కడ ఒక మూవ్‌లో ఒక్కదాన్ని వదిలేసి మిగతా అన్నింటినీ 1 పెంచాలి. అందరూ పెరిగి ఒకరు ఆగిపోవడమంటే, పోలికలో ఆ ఒక్కడు 1 తగ్గినట్టే. కాబట్టి అందరూ కనిష్ఠ విలువకు దిగాలి, జవాబు `sum(a) - n * min(a)`.

సమానం కాకుండా, వరుస సంఖ్యలు కావాలంటే?

చివరికి t, t+1, t+2, … అని రావాలి. ప్రతి ఎలిమెంట్ నుంచి దాని ఇండెక్స్ తీసేయండి, ప్రశ్న మళ్ళీ పాతదే అవుతుంది. `[5, 3, 8, 4]` నుంచి 0, 1, 2, 3 తీసేస్తే `[5, 2, 6, 1]`. సార్ట్ చేస్తే `1 2 5 6`, జతలు 5 + 3 = 8. సరిచూడాలంటే t = 2 పెట్టండి: 2, 3, 4, 5 కావాలి, ఖర్చు 3 + 0 + 4 + 1 = 8. ఇండెక్స్ తీసేయడం ముందు, సార్ట్ తర్వాత. ఈ వరుస తారుమారైతే జవాబు గల్లంతే. ఆట్‌కోడర్‌లోని Linear Approximation సరిగ్గా ఈ ప్రశ్నే.

చివరి విలువ ఫలానా రకంగానే ఉండాలని షరతు పెడితే?

5 గుణిజం కావాలి, పాలిండ్రోమ్ కావాలి, ఇలాంటివి. మీడియన్ ఆ షరతుకు సరిపోకపోతే, దానికి ఎడమన దగ్గర్లో ఉన్న అర్హమైన విలువనూ, కుడిన దగ్గర్లో ఉన్నదాన్నీ తీసుకుని రెండింటిలో తక్కువ ఖర్చు చూస్తే చాలు. గిన్నె అడుగు నుంచి ఎటు దూరంగా పోయినా ఖర్చు తగ్గదు కాబట్టి ఇంకా అవతలివాటిని పట్టించుకోనక్కర్లేదు. మన అరేకు 5 గుణిజం కావాలంటే 5 దగ్గర 35, 10 దగ్గర 40, జవాబు 35. రెండువైపులా చూడటం మరిచిపోవద్దు. మీడియన్‌కు దగ్గరగా ఉన్నదే చవక అని రూలేమీ లేదు, రెండువైపులా వాలు ఒకేలా ఉండదు.

మీడియన్ పూర్తిగా చేతులెత్తేసే సందర్భం ఉందా?

ఉంది, సంఖ్యలు చుట్టు తిరిగి వచ్చేచోట. సూట్‌కేస్ నంబర్ తాళంలో చక్రాలు 0 నుంచి 9 దాకా ఉండి, 9 తర్వాత మళ్ళీ 0 వస్తుంది. మూడు చక్రాలు 9, 0, 1 చూపిస్తున్నాయి, అన్నీ సమానం చేయాలి. సార్ట్ చేస్తే `0 1 9`, మీడియన్ 1. అక్కడికి తెస్తే 1 + 0 + 2 = 3. కానీ 0 దగ్గరికి తెస్తే 9 నుంచి ఒక్క అడుగు, 1 నుంచి ఒక్క అడుగు, మొత్తం 2.

లోపం ఎక్కడుందంటే, గుండ్రంగా ఉన్నచోట ఎడమ, కుడి అన్నవే స్థిరంగా ఉండవు. t జరుగుతుంటే, నిన్నటిదాకా కుడి నుంచి వస్తున్నవాడికి ఎడమ దారి దగ్గరవుతుంది. L ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందన్న మాట చెల్లదు, గిన్నెకు ఒకటికి మించి గుంతలు పడతాయి. పది అంకెలే కాబట్టి అక్కడ పది విలువలనూ ప్రయత్నించడమే తేలిక దారి. చక్రం పెద్దదైతే, అరేలో ఉన్న విలువలను మాత్రమే t గా ప్రయత్నిస్తే సరిపోతుంది.